రాతకో రోజు, మాటకో రోజు

"శనివారం పరీక్ష అన్నారు కదన్నా, మరి స్పీకింగ్ ఏంటి శుక్రవారం పదకొండు ఇరవైకి అని మెయిల్ వచ్చింది?" ఐఈఎల్‌టీఎస్‌కు ఫీజు కట్టిన కుర్రాళ్లు తమకంటే ముందు రాసినవాళ్లను ఇలా అడగడం హైదరాబాద్, విజయవాడ కోచింగ్ సెంటర్లలో మామూలే. "అందరికీ అంతేరా, కంగారు పడకు" అని అన్న సర్దిచెబుతాడు. అలా ఎందుకన్నది మాత్రం ఆయనకూ తెలిసి ఉండకపోవచ్చు. ఒకే పరీక్ష, ఒకే ఫీజు, చివరికి చేతికొచ్చే మార్కుల కాగితం కూడా ఒక్కటే. మరి వినడం, చదవడం, రాయడం ఒక రోజున పెట్టి, మాట్లాడటం ఒక్కటే ఇంకో రోజుకు ఎందుకు జరుపుతారు? ఆ పదకొండు ఇరవై ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ఏర్పాటు ఎవరో ఒకరు కూర్చుని ఒక్కరోజులో కనిపెట్టింది కాదు. ఒక లెక్క కుదరక, దాన్ని కుదర్చడానికి వందేళ్లకు పైగా చేసిన సర్దుబాట్ల ఫలితం ఇది.

ముగ్గురే రాసిన పరీక్ష

కథ 1913లో ఇంగ్లండ్‌లో మొదలవుతుంది. విదేశాల్లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పాలనుకునే వారి భాషా సామర్థ్యాన్ని తేల్చడానికి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆ ఏడాది ఒక పరీక్ష పెట్టింది. సర్టిఫికెట్ ఆఫ్ ప్రొఫిషియెన్సీ ఇన్ ఇంగ్లిష్ అని దానికి పేరు. మొత్తం పన్నెండు గంటల పరీక్ష. అనువాదాలు, వ్యాకరణం, వ్యాసం, సాహిత్యం, ధ్వనిశాస్త్రం అన్నీ కాగితం మీద రాయాలి. అవి పోగా మౌఖికానికి ఒక గంట. అందులో అరగంట డిక్టేషన్, ఇంకో అరగంట పైకి చదవడం, మాట్లాడటం.

ఆ ఏడాది పరీక్షకు కూర్చున్నది ముగ్గురే. ముగ్గురూ తప్పారు. మన కథకు వాళ్లు తప్పడం కంటే ముగ్గురే ఉండటం ముఖ్యం. ఒక్కొక్కరితో అరగంట మాట్లాడినా గంటన్నరలో పని అయిపోతుంది. దానికి ఇంకో రోజు అక్కర్లేదు, స్లాట్ అనే మాటే అక్కర్లేదు. పిలిచిన వరుసలో లోపలికి వెళ్లి వస్తే చాలు.

ముగ్గురు మూడు వందలైతేనే చిక్కు. రాత పరీక్ష బంతి భోజనం లాంటిది. వందమందినైనా ఒకేసారి కూర్చోబెట్టి, ఒకే కాగితం పంచి, ఒకే గంట కొట్టి లేపేయవచ్చు. మనుషులు పెరిగితే కుర్చీలు పెరగాలే తప్ప గంటలు పెరగవు. మౌఖికం దీనికి పూర్తిగా భిన్నం. అభ్యర్థికి ఎదురుగా ఒక మనిషి కూర్చోవాలి, వినాలి, అడగాలి, మార్కు వేయాలి. అభ్యర్థి పెరిగిన ప్రతిసారీ పరీక్షకుడి సమయం కూడా అంతే పెరుగుతుంది. రెండో రోజు పుట్టింది ఈ తేడాలోంచే.

తప్పించుకున్న దారి, తప్పించుకోని దారి

ఈ లెక్క చూసి పక్కకు తప్పుకున్నవాళ్లూ ఉన్నారు. 1964లో అమెరికాలో టోఫెల్ మొదలైనప్పుడు అందులో మాట్లాడే భాగమే లేదు. ప్రపంచమంతటా వేలమందికి పెట్టే పరీక్షలో ప్రతి ఒక్కరి ముందూ శిక్షణ పొందిన మనిషిని కూర్చోబెట్టడం ఖర్చుతోనూ శ్రమతోనూ కూడిన పని. జవాబులు గుర్తుపెట్టే ప్రశ్నపత్రానికి ఆ బాధ లేదు. తర్వాత 1980 ప్రాంతంలో మాట్లాడటానికి విడిగా ఒక పరీక్ష తెచ్చారు. అక్కడా ఎదురుగా మనిషి లేడు. టేపులో ప్రశ్న వినిపిస్తుంది, జవాబు ఇంకో టేపులోకి చెప్పాలి. 2005లో ఇంటర్నెట్ టోఫెల్ వచ్చినప్పుడు ఈ పద్ధతే అసలు పరీక్షలోకి చేరింది. హాల్లో అందరూ హెడ్‌సెట్లు పెట్టుకుని ఒకేసారి మైకుల్లోకి మాట్లాడతారు. ఆ రికార్డింగులకు మార్కులు తర్వాత ఎప్పుడో ఇంకెక్కడో వేస్తారు. మౌఖికాన్ని కూడా రాత పరీక్షలా మార్చేశారన్నమాట. అందుకే టోఫెల్ రాసేవాళ్లకు వేరే రోజన్న ప్రశ్నే రాదు.

బ్రిటిష్ వాళ్లు ఆ దారి పట్టలేదు. 1980లో బ్రిటిష్ కౌన్సిల్, కేంబ్రిడ్జి పరీక్షల సంస్థ కలిసి ఈఎల్‌టీఎస్ అనే పరీక్ష తెచ్చాయి. బ్రిటన్ విశ్వవిద్యాలయాలకు వచ్చే విదేశీ విద్యార్థుల కోసం పెట్టిన ఆ పరీక్షలో ముఖాముఖి ఇంటర్వ్యూ ఒక భాగం. క్లాసులో లేచి అడగగలడా, అర్థం కానిది మళ్లీ చెప్పించుకోగలడా అన్నది టేపుకు తెలియదు, ఎదుటి మనిషికే తెలుస్తుందన్నది ఈ పక్షం వాదన. ఆ వాదనకు చెల్లించాల్సిన మూల్యం నిర్వహణ కష్టం. 1981లో ఏడాదికి దాదాపు 4,000 మంది రాసిన పరీక్షను 1985 నాటికి 10,000 మంది రాస్తున్నారు. భాగాలు ఎక్కువ, సమయం ఎక్కువ, నడపడం కష్టం అన్న మాట అప్పటికే గట్టిగా వినిపించింది.

దాన్ని సరళం చేసి, ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాల తరఫున ఐడీపీని కూడా కలుపుకుని, 1989లో ఐఈఎల్‌టీఎస్‌ను మొదలుపెట్టారు. 1995 నాటికి 210 కేంద్రాలు, ఏడాదికి 43,000 మందికి పైగా అభ్యర్థులు. చాలా విషయాలు మారాయి కానీ ఎదురుగా మనిషి ఉండాలన్న పట్టు మాత్రం వదల్లేదు.

పద్నాలుగు నిమిషాల గది

మనిషి ఉంటే ఇంకో తలనొప్పి ఉంది. ఒక పరీక్షకుడు కబుర్లపోగు, ఇంకొకడు ముభావి. ఒకరు ఇరవై నిమిషాలు మాట్లాడిస్తారు, ఒకరు ఎనిమిదికే ముగిస్తారు. ఇలాగైతే న్యాయమూ ఉండదు, టైంటేబులూ నిలవదు. 2001లో స్పీకింగ్‌ను తిరగరాసినప్పుడు ఈ రెంటికీ ఒకే మందు వేశారు. పరీక్షకుడు ఏం అడగాలో, ఏ మాటలతో అడగాలో ముందే రాసి చేతికిచ్చారు.

ఆ గదిలో ఏం జరుగుతుందో చూడండి. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక రికార్డర్, పరీక్షకుడి ముందు టైమరు, ప్రశ్నల పుస్తకం. అభ్యర్థి పాస్‌పోర్టు చూసి రికార్డర్ నొక్కుతారు. మొదట నాలుగైదు నిమిషాలు ఊరు, చదువు, ఇష్టాల గురించిన ప్రశ్నలు. తర్వాత ఒక కార్డు, తెల్లకాగితం, పెన్సిలు ఇస్తారు. ఆలోచించుకోవడానికి ఒక్క నిమిషం, ఆపై ఒకటి రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడాలి. రెండు నిమిషాలు దాటితే మాట మధ్యలో ఉన్నా మర్యాదగా ఆపేస్తారు. ఆ ఆపడం చూసి చాలామంది హడలిపోతారు. నిజానికి అది గడియారం పని, మార్కుతో దానికి సంబంధం లేదు. చివరి నాలుగైదు నిమిషాలు అదే విషయంపై లోతైన చర్చ. మొత్తం 11 నుంచి 14 నిమిషాలు.

అభ్యర్థి బయటికి వెళ్లగానే పరీక్షకుడి పని అయిపోదు. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అనే నాలుగింటికీ విడివిడిగా బ్యాండ్ వేయాలి. ఒకరి మాటలు ఇంకొకరి మార్కులోకి దొర్లకుండా ఇదంతా తర్వాతి మనిషి రాకముందే అయిపోవాలి. పేరు చూడటం, కూర్చోబెట్టడం, మాట్లాడించడం, మార్కు వేయడం, ఊపిరి పీల్చుకోవడం అన్నీ కలిపితే మనిషికి ఇరవై నిమిషాలు పడుతుందనుకోవచ్చు. పదకొండు, పదకొండు ఇరవై, పదకొండు నలభై అని స్లాట్లు కనిపించడం వెనక ఉన్నది ఈ ఇరవై నిమిషాలే. సంభాషణకు కొలత దొరికాక దాన్ని గళ్లలో పేర్చడం సాధ్యమైంది.

గళ్ల కాగితం మీద లెక్క

ఒక లెక్క వేసి చూద్దాం. హైదరాబాద్‌లో ఒక కేంద్రంలో శనివారం 120 మంది రాస్తున్నారనుకుందాం. ఒక పరీక్షకుడి రోజును మూడు పూటలుగా విడదీద్దాం. తొమ్మిది నుంచి పదకొండు, పదకొండు ఇరవై నుంచి ఒకటి ఇరవై, భోజనం తర్వాత రెండు ఇరవై నుంచి నాలుగు ఇరవై. పూటకు ఆరుగురు, రోజుకు పద్దెనిమిది మంది. అంతకు మించితే వినే చెవి అలసిపోతుంది, మొదటివాడికి వేసిన మార్కుకూ చివరివాడికి వేసిన మార్కుకూ తూకం తప్పుతుంది.

120 మందినీ ఒక్కరోజులో పూర్తి చేయాలంటే ఏడుగురు పరీక్షకులు, ఏడు గదులు కావాలి. పైగా శనివారం ఉదయం అభ్యర్థులంతా రాత పరీక్షలో ఉంటారు. మిగిలేది భోజనం తర్వాతి పూట ఒక్కటే. ఆ ఒక్క పూటలో ముగించాలంటే ఇరవైమంది పరీక్షకులు కావాలి. వీళ్లు రోడ్డు మీద దొరికే మనుషులు కాదు. అర్హత ఉండి, శిక్షణ తీసుకుని, ధ్రువీకరణ పొందినవారు. రెండేళ్లకోసారి దాన్ని మళ్లీ నిలుపుకోవాలి. వాళ్లు వేసిన మార్కులను రికార్డింగుల ద్వారా పైవాళ్లు తనిఖీ చేస్తుంటారు.

కేంద్రానికి ముగ్గురే దొరికారనుకోండి. అప్పుడు శుక్రవారం రోజంతా 54 మంది, శనివారం మధ్యాహ్నం 18 మంది, ఆదివారం 54 మంది. మొత్తం 126 గళ్లు. 120 మంది పోను ఆరు మిగులుతాయి. ఆ ఆరూ వృథా కాదు. ఒక గదిలో రికార్డర్ మొరాయించినా, ఒక పరీక్షకుడికి జ్వరమొచ్చినా జరపడానికి ఆ ఖాళీలే దిక్కు. అదే మూడు రోజులకు బదులు అన్నీ ఒకే రోజు కావాలని పట్టుబడితే అదనపు పరీక్షకులను దూరం నుంచి రప్పించాలి. ఆ ఖర్చు చివరికి చేరేది ఫీజులోకే. మెయిల్లో కనిపించిన శుక్రవారం వెనక ఇంతకు మించి రహస్యం లేదు.

మరి ఎన్ని రోజులైనా సాగదీయవచ్చా? కుదరదు. రాత పరీక్షకు ముందు ఏడు రోజులు, తర్వాత ఏడు రోజులు. స్పీకింగ్ ఆ లోపే జరగాలన్నది ఐఈఎల్‌టీఎస్ నియమం. కాగితం మీద రాసే పరీక్షకు పదమూడో రోజున ఫలితం ఇవ్వడం ఆనవాయితీ. ఏడో రోజున మాట్లాడినవాడి మార్కులు కూడా సరిచూసుకుని, నాలుగు భాగాలూ కలిపి ఆ గడువుకు అందించాలి. గడువు అటు నుంచి నెడుతుంటే, పరీక్షకుల కొరత ఇటు నుంచి నెడుతుంటుంది. ఏడు రోజుల కిటికీ ఈ రెంటి మధ్య కుదిరిన రాజీ.

ఎవరికి ఏ గడి

మొదట్లో గళ్లు నింపడం కేంద్రం చేతిలోనే ఉండేది. అభ్యర్థికి తేదీ, వేళ ముందుగా కబురు చేసేవారు, ఆ వేళకు రావలసిందే. రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌కు మారాక చాలా కేంద్రాల్లో ఖాళీ గళ్లను అభ్యర్థికే చూపించి ఎంచుకోమంటున్నారు. సినిమా టికెట్టులాగే ముందు వచ్చినవాళ్లు ముందు ఏరుకుంటారు. ఎంచుకునే వీలు లేని చోట, లేదా అభ్యర్థి ఎంచుకోకుండా వదిలేసిన చోట, మిగిలిన వాటిలోంచి కేంద్రమే ఒకటి ఇస్తుంది. అక్షరక్రమమో, తెలివితేటలో చూసి ఇస్తారన్నది ఉత్త అపోహ.

గడి ఇచ్చేటప్పుడు చూసుకోవలసినవి కొన్ని ఉంటాయి. పరీక్షకుడు ఏదైనా కాలేజీలో పాఠాలు చెప్పేవాడైతే తన విద్యార్థి తన గదికే రాకూడదు. వినికిడి లోపమో నత్తో ఉండి ముందే దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు ఎక్కువ సమయం కావాలి కనుక ఒక గడి సరిపోదు. పై లెక్కలో శనివారం మధ్యాహ్నపు 18 గళ్లు అన్నిటికంటే ముందు ఎగిరిపోతాయి. ఆదిలాబాద్ నుంచో ఖమ్మం నుంచో వచ్చేవాళ్లకు ఒక్క ప్రయాణంతో పని అయిపోతుంది కదా. ఆలస్యంగా ఫీజు కట్టినవాళ్లకు హోటల్ ఖర్చు తగలడం దీని పర్యవసానమే.

ఇద్దరిద్దరినీ కలిపి మాట్లాడించే కేంబ్రిడ్జి పరీక్షల్లో లెక్క ఇంకో మెలిక తిరుగుతుంది. అక్కడ గడి మనిషికి కాదు, జంటకు. లోపల పరీక్షకులూ ఇద్దరే. ఒకరు మాట్లాడిస్తే ఇంకొకరు నోరు మెదపకుండా మార్కు వేస్తారు. అభ్యర్థుల సంఖ్య బేసి అయితే చివరి ముగ్గురినీ ఒకే గుంపుగా కూర్చోబెట్టి సమయం పెంచుతారు.

రోజులు విడిపోతే రెండు ప్రమాదాలు పుట్టాయి. శనివారం రాసినవాడూ ఆదివారం మాట్లాడటానికి వచ్చినవాడూ ఒకడేనా అన్నది మొదటిది. ఇంగ్లిష్ గలగలా మాట్లాడే మిత్రుణ్ని పంపే అవకాశం ఉంది మరి. అందుకే ఫొటో, వేలిముద్ర, పాస్‌పోర్టు తనిఖీ రెండు రోజులూ జరుగుతాయి. రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన పాస్‌పోర్టునే రెండుసార్లూ చూపించాలి. మధ్యలో కొత్త పాస్‌పోర్టు వస్తే పరీక్ష రోజున కాకుండా ముందే కేంద్రానికి చెప్పాలి.

రెండోది ప్రశ్నల లీకు. రాత పరీక్షలో అందరికీ ఒకేసారి కాగితం ఇస్తారు కనుక బయటికి పొక్కినా ప్రయోజనం తక్కువ. స్పీకింగ్‌లో శుక్రవారం వెళ్లొచ్చినవాడు ఆదివారం వెళ్లేవాడికి చెప్పగలడు. మన కోచింగ్ సెంటర్లలో చేతులు మారే క్యూ కార్డుల జాబితాలు ఇలాంటి జ్ఞాపకాల పోగులే. దీనికి విరుగుడుగా ఒక కార్డు పెట్టుకుని అందరినీ అడగరు. పెద్ద కట్టలోంచి పరీక్షకుడే ఏరి ఇస్తాడు. ఒక గది నుంచి వచ్చినవాడికి పడిన కార్డు పక్క గదిలోనివాడికి పడుతుందన్న భరోసా లేదు. పడినా, బట్టీ కొట్టిన జవాబు మూడో భాగంలో నిలబడదు. అక్కడ ప్రశ్న అభ్యర్థి చెప్పినదాన్ని పట్టుకుని వస్తుంది. అప్పటిదాకా గడగడా సాగిన గొంతు ఒక్కసారిగా తడబడితే పరీక్షకుడికి విషయం అర్థమైపోతుంది. కాబట్టి చివరి రోజు స్లాట్ దొరకడం అదృష్టమేమీ కాదు.

మళ్లీ దగ్గరైన రోజులు

2018 ప్రాంతం నుంచి కంప్యూటర్ మీద రాసే ఐఈఎల్‌టీఎస్ దేశదేశాలకూ పాకింది. దానితో లెక్క తలకిందులైంది. కాగితం పరీక్ష ఏడాదికి 48 తేదీలకు మించి ఉండేది కాదు కనుక ఒక్కో తేదీకి జనం ఎగబడేవారు. కంప్యూటర్ గదిలో పట్టేది కొద్దిమందే, కానీ వారంలో చాలా రోజులు నడపవచ్చు. ముప్ఫై కుర్చీల గది అనుకోండి. ఉదయం ముప్ఫైమంది రాశారు. మధ్యాహ్నం ముగ్గురు పరీక్షకులు తలా పదిమందితో మాట్లాడితే మూడు గంటల ఇరవై నిమిషాల్లో అందరిదీ అయిపోతుంది. పరీక్షకులు అదే ముగ్గురు. ఒక్కసారికి వచ్చే మంది తగ్గారు, అంతే. విడిపోయిన రోజులు చాలాచోట్ల మళ్లీ కలిశాయి.

ఇంకో మార్పు వీడియో కాల్. అభ్యర్థి కేంద్రానికే వచ్చి ఒక గదిలో తెర ముందు కూర్చుంటాడు, పరీక్షకుడు ఇంకో ఊళ్లోనో ఇంకో దేశంలోనో ఉంటాడు. ప్రశ్నలు, నిమిషాలు, నాలుగు కొలమానాలు అన్నీ అవే. పరీక్షకుడు దొరకని ఊరి గళ్లను దొరికిన ఊరి మనిషితో నింపడానికి ఇది పనికొచ్చింది. ఎదురుగా మనిషి ఉండాలన్న 1980 నాటి పట్టూ నిలిచింది.

ఇప్పుడు రాయబోయేవాళ్లు చేయాల్సినవి మూడే. తేదీ ఎంచుకునేటప్పుడే స్పీకింగ్ ఖాళీలు ఏ రోజున ఉన్నాయో చూసి, ఆ తర్వాతే డబ్బు కట్టండి. రైలు టికెట్టు స్లాట్ ఖరారయ్యాకే తీసుకోండి. రెండు రోజుల చిరునామాలూ విడివిడిగా చదవండి, రాత పరీక్ష ఒక భవనంలో, స్పీకింగ్ ఇంకో భవనంలో ఉండటం మామూలే. స్లాట్ ఉదయమా సాయంత్రమా, ముందా వెనకా అన్నదానికీ బ్యాండ్‌కూ సంబంధం లేదు. ఆ వేళకు చేరకపోవడానికి మాత్రం సంబంధం ఉంది. నాలుగు భాగాల్లో ఏ ఒక్కటి తప్పినా ఫలితం రాదు.